అటు పాలు, ఇటు పిస్తా: ఇటలీ భోజనానికి ఒక కార్డు

2023 జనవరిలో ఇటలీలోని మిలాన్ నగరంలో పాల అలర్జీ ఉన్న ఒక యువతి రెస్టారెంట్‌లో భోంచేసి, చివర్లో తిరమిసు తెప్పించుకుంది. మామూలుగా తిరమిసును మస్కార్పోనె అనే మీగడ చీజ్‌తో చేస్తారు. అక్కడ ఇచ్చింది మాత్రం వీగన్ తిరమిసు. అంటే పాలు, గుడ్లు ఏవీ ఉండకూడదు. అది తిన్న కాసేపటికే ఆమెకు ఊపిరాడలేదు. కొద్ది రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయింది. ఆ తిరమిసులో పాల పదార్థం ఉందని తర్వాత పరీక్షల్లో తేలింది.

ఆమె అజాగ్రత్తగా తిన్న మనిషి కాదు. తనకు పనికొచ్చే వంటకమేదో చూసుకునే తెప్పించుకుంది. పేరు ఒకటి, గిన్నెలో ఉన్నది ఇంకొకటి కావడమే ప్రాణం మీదికి తెచ్చింది. అలర్జీ ఉన్నవాళ్లు పరాయి దేశంలో భోజనానికి కూర్చున్నప్పుడు వంటకం పేరు, మెనూ మీద గుర్తు, వెయిటర్ చిరునవ్వు వీటిలో ఏ ఒక్కదాన్నీ నమ్ముకోలేరు. వంట చేసే మనిషి చేతికి అసలు సంగతి చేరాలి.

ఒక్క పాల అలర్జీతోనే ఇంత తంటా. పాలతో పాటు జీడిపప్పు, పిస్తా, బాదం లాంటివి కూడా పడకపోతే చిక్కు రెట్టింపు కాదు, దాని తీరే మారిపోతుంది. పాలు వద్దంటే బాదం పాలు పోస్తారు. చీజ్ వద్దంటే జీడిపప్పు రుబ్బి చేసిన వీగన్ చీజ్ వేస్తారు. ఒకదానికి బదులుగా వచ్చేదే రెండోదానికి విషమవుతుంది. మన యాత్రికులు ఎక్కువగా వెళ్లే యూరప్ దేశాల్లో ఇటలీ ఒకటి. అక్కడి వంటలో వెన్నా, చీజూ, పిస్తా, బాదం అడుగడుగునా తగులుతాయి. అందుకే ఈ రెండు అలర్జీలూ ఉన్న పిల్లతో ఇటలీ వెళ్లే కుటుంబానికి ఏ మాటలు కావాలో, చేతిలో ఏ కార్డు ఉండాలో చూద్దాం.

మెనూ మీది అంకెలు

యూరోపియన్ యూనియన్‌లో 1169/2011 అనే నిబంధన 2014 డిసెంబర్ 13 నుంచి అమల్లో ఉంది. అలర్జీ తెచ్చే 14 రకాల పదార్థాలు వంటకంలో ఉంటే ఆ సంగతి తినేవాళ్లకు తెలపాలని అది చెబుతుంది. ప్యాకెట్లకే కాదు, రెస్టారెంట్‌లో వండి వడ్డించే తిండికీ ఇది వర్తిస్తుంది. అందుకే ఇటలీలో చాలా మెనూల్లో వంటకం పేరు పక్కన చిన్న అంకెలు, చివరి పేజీలో ఆ అంకెల వివరం కనిపిస్తాయి. కొన్నిచోట్ల దీనికి వేరే పుస్తకం పెడతారు. కనబడకపోతే ఇలా అడగాలి: ‘పోస్సొ వెదేరె లా లీస్తా దేల్యి అల్లెర్జేని?’ అంటే, అలర్జీ పదార్థాల పట్టిక చూడవచ్చా అని.

చాలామంది ఆ నిబంధనలోని వరుసనే వాడతారు. ఆ లెక్కన 5 అంటే వేరుశనగ, 7 అంటే పాలు, 8 అంటే బాదం, జీడిపప్పు వర్గం. అయితే ఇదే వరుస వాడాలన్న నియమం లేదు. ఒక హోటల్లో 7 పాలయితే పక్క హోటల్లో 7 ఆవాలు కావచ్చు. నిన్నటి హోటల్ అంకెలు గుర్తుపెట్టుకుని ఇవాళ్టి మెనూ చదవకూడదు. ఎక్కడికక్కడ చివరి పేజీ తిప్పి చూసుకోవాల్సిందే.

8వ వర్గంలో ఎనిమిది రకాలు ఉన్నాయి: బాదం, హేజెల్‌నట్, అక్రోట్, జీడిపప్పు, పెకాన్, బ్రెజిల్ నట్, పిస్తా, మకడమియా. పైన్ నట్స్ ఇందులో లేవు. ఇటాలియన్లు వీటిని పినోలి అంటారు. పచ్చని తులసి జాతి ఆకుతో చేసే పెస్తొ పచ్చడిలోనూ, తొర్తా దెల్లా నోన్నా అనే కేకు మీదా ఇవే ఉంటాయి. అంటే పైన్ నట్స్ పడని పిల్లకు 8 అంకె లేని వంటకం కూడా భద్రం కాదు. డాక్టర్ అన్ని నట్సూ మానమని చెప్పి ఉంటే పినోలి పేరు కార్డు మీద విడిగా రాసుకోవాలి.

వేరుశనగది వేరే అంకె. ఎందుకంటే పల్లీ చెట్టుకు కాసే గింజ కాదు, కందులూ శనగల్లాగా పప్పుజాతి పంట. జీడిపప్పు పడని పిల్లలు కొందరు ఇంట్లో పల్లీ చట్నీ హాయిగా తింటారు. అలాంటప్పుడు కార్డు మీద పల్లీ రాయక్కర్లేదు. పల్లీ కూడా పడకపోతే ‘అరాకిది’ అన్న మాట చేర్చాలి. ఎందుకైనా మంచిదని పడేవీ పడనివీ అన్నీ కలిపి జాబితా పెంచితే, వంటగదిలో ఉన్న మనిషికి అసలు ప్రమాదం దేనితోనో తెలియకుండా పోతుంది.

ఏ మాట వాడాలి

జీడిపప్పు, బాదంపప్పు, అక్రోట్‌లన్నిటినీ కలిపి మనం ఇంగ్లిష్‌లో నట్స్ అనేస్తాం. ఆ మాటను ఫోన్‌లో ఇటాలియన్‌లోకి మారిస్తే తరచుగా ‘నోచి’ అని వస్తుంది. మామూలు వాడుకలో నోచి అంటే అక్రోట్లే. నోచి పడవని చెబితే వెయిటర్ అక్రోట్లు తీసేసి, పిస్తా చల్లిన పాస్తా నిశ్చింతగా తెచ్చి పెట్టగలడు. అతని తప్పేమీ ఉండదు. నిబంధనల్లోనూ మెనూల్లోనూ ఈ వర్గం మొత్తానికి వాడే మాట ‘ఫ్రుత్తా ఆ గూషొ’, అంటే పెంకు ఉన్న పండ్లు. మామూలు మాటల్లో ‘ఫ్రుత్తా సెక్కా’ అని కూడా అంటారు గానీ, అందులో కిస్మిస్, ఎండు అంజీర కూడా కలుస్తాయి. కాబట్టి ఫ్రుత్తా ఆ గూషొ అని చెప్పి, ఆ వెంటనే ఒక్కొక్క పేరూ చెప్పడమే మేలు: మాందొర్లె అంటే బాదం, నొచ్చోలె హేజెల్‌నట్, నోచి అక్రోట్, అనకార్ది జీడిపప్పు, పిస్తాక్కి పిస్తా.

జీడిపప్పు, పిస్తా గురించి ఒక మాట. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు. మన ఇళ్లలో జీడిపప్పు ఉప్మాలోనూ పాయసంలోనూ వస్తుంది కాబట్టి దాని అలర్జీ చిన్నప్పుడే బయటపడుతుంది. పిస్తా అంతగా వాడం గనుక ఆ సంగతి తెలియకుండానే ఉండిపోవచ్చు. ఇటలీలో, అందులోనూ సిసిలీ దీవిలో, పిస్తా లేని చోటు లేదు. ఐస్‌క్రీమ్‌లో, పిజ్జా మీద, పాస్తా సాస్‌లో, రొట్టెల మధ్య క్రీముగా కూడా వస్తుంది. ఇదివరకెప్పుడూ తినలేదు కదా, ఏం కాదులే అనుకోవడానికి ఇటలీ సరైన చోటు కాదు. బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాలి.

పాల విషయంలో అడ్డం పడే మాట ‘సెంత్సా లత్తోజియొ’. లాక్టోజ్ లేనిది అని దీని అర్థం. పాలు అరగని వాళ్ల కోసం ఇటలీ దుకాణాల్లో, పిజ్జా హోటళ్లలో లాక్టోజ్ లేని మోజరెల్లా సులభంగా దొరుకుతుంది. అలర్జీ తెచ్చేది పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ కాదు, పాలలోని ప్రొటీన్. లాక్టోజ్ తీసేసిన పాలలో ఆ ప్రొటీన్ చెక్కుచెదరకుండా ఉంటుంది. పాలు వద్దన్నప్పుడు వెయిటర్ ఉత్సాహంగా ‘సెంత్సా లత్తోజియొ!’ అంటే, వద్దని అక్కడే ఆపాలి. ‘నో, అల్లె ప్రొతెయీనె దెల్ లాత్తె’ అంటే, కాదు, పాల ప్రొటీన్లు పడవు అని.

మరొకటి బర్రె పాల సంగతి. మోజరెల్లా ది బూఫలా అంటే బర్రె పాల మోజరెల్లా. మేకపాల చీజ్ ‘ది కాప్రా’, గొర్రెపాల చీజ్ ‘పెకొరీనొ’. ఆవు పాలు పడనివాళ్లలో ఎక్కువమందికి ఇవేవీ పడవు. ప్రొటీన్లు అంత దగ్గరగా ఉంటాయి. మనవాళ్లు అంత తేలిగ్గా పాలలో జమకట్టని నెయ్యిలోనూ కొద్దిపాటి పాల ప్రొటీన్ మిగిలే ఉంటుంది.

కార్డు ఇలా ఉండాలి

కింది మాటలు పైకి చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. వంటగదికి వెళ్లే ప్రతి మాత్రం ఇటాలియన్ లిపిలోనే ఉండాలి. దానికి తేలిక దారి ఒకటుంది. హోటల్లో దిగగానే రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు ఈ వాక్యాలు నెమ్మదిగా చదివి వినిపించి, వాళ్ల చేత టైపు చేయించి నాలుగు ప్రతులు తీసుకోండి. ఇటాలియన్ ఎలా పలికితే అలాగే రాసే భాష కాబట్టి వాళ్లకు కష్టమేమీ కాదు. ఏదైనా మాట తేడాగా ఉంటే వాళ్లే సరిచేస్తారు. నాలుగు ప్రతులు ఎందుకంటే, వంటగదిలోకి వెళ్లిన కాగితం అన్నిసార్లూ తిరిగి రాదు.

ఆత్తెంత్సియోనె: అల్లెర్జీయా అలిమెంతారె గ్రావె.
(హెచ్చరిక: తీవ్రమైన ఆహార అలర్జీ.)

మీయా ఫీల్యా నోన్ ప్వో మాంజారె:
(మా అమ్మాయి ఇవి తినకూడదు:)

లాత్తె, బుర్రొ, పాన్నా, యోగుర్త్, తుత్తి యి ఫొర్మాజ్జి, ఆంకె ది బూఫలా, ది కాప్రా, ది పేకొరా, ఆంకె సెంత్సా లత్తోజియొ.
(పాలు, వెన్న, మీగడ, పెరుగు, అన్ని రకాల చీజ్‌లు, బర్రె, మేక, గొర్రె పాలవి కూడా, లాక్టోజ్ లేనివి కూడా.)

ఫ్రుత్తా ఆ గూషొ: మాందొర్లె, నొచ్చోలె, నోచి, అనకార్ది, పిస్తాక్కి. ఆంకె పినోలి.
(నట్స్: బాదం, హేజెల్‌నట్, అక్రోట్, జీడిపప్పు, పిస్తా. పైన్ నట్స్ కూడా.)

ఆంకె ఊనా పిక్కొలా క్వాంతితా ఎ పెరికొలోజా.
(కొంచెమైనా ప్రమాదమే.)

నోన్ ఉజాతె లాత్తె ది మాందొర్లా ఒ ఫొర్మాజ్జొ ది అనకార్ది అల్ పోస్తొ దెల్ లాత్తె.
(పాలకు బదులు బాదం పాలు గానీ జీడిపప్పు చీజ్ గానీ వాడకండి.)

పెర్ ఫవోరె ఉజాతె పదెల్లె, ఆక్వా ఎ ఉతెన్సీలి పులీతి.
(దయచేసి శుభ్రమైన పెనాలు, నీళ్లు, గరిటెలు వాడండి.)

సె నోన్ స్యేతె సికూరి, దీతెచెలొ. గ్రాత్సియె.
(ఖాయంగా తెలియకపోతే మాకు చెప్పండి. ధన్యవాదాలు.)

అబ్బాయి అయితే ‘మీయా ఫీల్యా’ బదులు ‘మీయొ ఫీల్యొ’ అనాలి. తినేది మీరే అయితే ‘మీయా ఫీల్యా నోన్ ప్వో మాంజారె’ తీసేసి ‘నోన్ పోస్సొ మాంజారె’ అని పెట్టండి.

ఈ కార్డులో బదులు వాడొద్దన్న ఆరో వాక్యాన్ని ఎప్పుడూ వదలకూడదు. దొరికే తయారు కార్డుల్లో ఎక్కువ భాగం ఒక్కో అలర్జీకి ఒక్కొక్కటిగా ఉంటాయి. పాల కార్డు, నట్స్ కార్డు రెండూ ఇచ్చినా, ఒకటి తప్పించబోయి రెండోది వేయవద్దని చెప్పే వాక్యం వాటిలో ఉండదు. వంటవాడు మంచి మనసుతో, పిల్ల పాపం ఏమీ తినలేకపోతోందని బాదం పాలతో ఏదో చేసి పెట్టే ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది. గ్లూటెన్ లేని కేకుల్లో కూడా ఇదే మెలిక. గోధుమ పిండి తీసేసి బాదం పిండి వేస్తారు. నేపుల్స్ వైపు చేసే తొర్తా కాప్రేసె అనే చాక్లెట్ కేకులో పిండికి బదులు ఉండేది బాదమే. అలర్జీ పిల్లలకని ఏదైనా ప్రత్యేకంగా తెచ్చి పెట్టినప్పుడు రెట్టింపు అనుమానించాలి.

చివరి వాక్యానిది మరో పని. ఏ దేశంలోనైనా వెయిటర్‌కు వచ్చినవాళ్లను కాదనడం కష్టం. తెలియదని చెప్పినా ఫర్వాలేదని మనమే ముందు అంటే, తెలియకపోయినా తెలిసినట్టు తలూపే అవసరం అతనికి ఉండదు.

ఒక సాయంత్రం, ఒక బల్ల

విజయవాడ నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మ, నాన్న, తొమ్మిదేళ్ల అమ్మాయి. ముగ్గురూ శాకాహారులే. అమ్మాయికి పాలు, జీడిపప్పు, పిస్తా పడవు. మిగతా నట్స్ కూడా మానమని డాక్టర్ చెప్పారు. ఫ్లోరెన్స్‌లో ఒక చిన్న హోటల్‌కు రాత్రి ఏడున్నరకు, తలుపులు తీసే వేళకే వెళ్లారు. ఆ వేళ ఎంచుకోవడంలో లెక్క ఉంది. వంటగది అప్పటికి తీరిగ్గా ఉంటుంది, గిన్నెలు కడిగి ఉంటాయి, వంటవాడు బయటికి వచ్చి రెండు మాటలు మాట్లాడగలడు. తొమ్మిదింటికి వెళితే కార్డు చదివే తీరిక ఎవరికీ ఉండదు.

వెయిటర్ రాగానే అమ్మ కార్డు ఇచ్చి, ‘పెర్ ఫవోరె, ప్వో దార్లొ అల్ క్వోకొ?’ అంది. దీన్ని వంట చేసేవారికి ఇస్తారా అని. అతను చదివి, ‘చెర్తొ, సిన్యోరా’ అంటూ లోపలికి తీసుకెళ్లాడు. తప్పకుండా, అమ్మా, అని దానర్థం. అతను వచ్చేలోగా అమ్మానాన్నలు మెనూ చూడటం మొదలుపెట్టారు.

పుట్టగొడుగుల రిజొత్తొ బాగుండేలా కనిపించింది. బియ్యంతో చేసేదే కదా అనిపిస్తుంది. కానీ రిజొత్తొ దించే ముందు వెన్నా, పర్మెజాన్ చీజూ వేసి గట్టిగా కలపడం దాని తయారీలో భాగమే. వాటిని తీసేసి చేయమంటే అది వేరే వంటకం అవుతుంది. పైగా చాలా హోటళ్లలో రిజొత్తొను సగం ఉడికించి ముందే పెట్టుకుంటారు. పెస్తొ వేసిన పాస్తాలో చీజూ, పైన్ నట్సూ రెండూ ఉన్నాయి. సీసాల్లో వచ్చే పెస్తొ అయితే ఖరీదు తగ్గించడానికి జీడిపప్పు కూడా కలుపుతారు. రెండూ కొట్టేశారు.

మిగిలినవి రెండు. టమాటా స్పగెత్తీ, పిజ్జా మారినారా. మారినారా అంటే టమాటా, వెల్లుల్లి, ఒరెగానొ, ఆలివ్ నూనె. చీజ్ దాని తయారీలోనే లేదు. ఒక వంటకం నుంచి ఏదో తీసేయమనడం కంటే, అది మొదటి నుంచీ లేని వంటకాన్ని ఎంచుకోవడం ఎప్పుడూ మేలు. తీసేయడం మరిచిపోవచ్చు. అసలు లేనిదాన్ని మరిచిపోయి వేసే అవకాశం తక్కువ. అయినా అడగాలి. ‘నెల్లింపాస్తొ చె లాత్తె ఒ బుర్రొ?’ అంటే, పిండిలో పాలు గానీ వెన్న గానీ ఉన్నాయా? వెయిటర్ లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్, ఆలివ్ నూనె అని ఒక్కొక్కటిగా చెప్పాడు. ఇలా పేర్లు వరుసగా వస్తే అతను నిజంగా అడిగాడని అర్థం. ‘తుత్తొ బేనె’, అంతా బాగుంది, అని ఊరికే అనేస్తే మళ్లీ అడగాలి.

స్పగెత్తీ గురించి అడిగితే, టమాటా సాస్‌లో వెన్న లేదు గానీ వడ్డించే ముందు పైన పర్మెజాన్ తురుముతామన్నాడు. అమ్మాయికి మారినారాయే తెప్పించారు. తల్లి ఇంకొక్క మాట చేర్చింది: ‘పెర్ ఫవోరె, తల్యాతెలా కోన్ ఉన్ కొల్తెల్లొ పులీతొ.’ శుభ్రమైన చాకుతో కోయండి అని. పిజ్జా కోసే చక్రం అంతకు ముందు మోజరెల్లా పిజ్జాలు కోసి ఉంటుంది. చీజ్ లేని పిజ్జాకు చీజ్ అంటేది అక్కడే.

తోడుగా బంగాళాదుంప వేపుడు అడగబోయి నాన్న ఆగాడు. ‘ఫ్రిజ్జేతె ఆంకె లా మోజరెల్లా నెల్లా స్తెస్సా ఫ్రిజ్జిత్రీచె?’ అదే నూనె మూకుడులో మోజరెల్లా కూడా వేయిస్తారా అని అడిగాడు. వేయిస్తామన్నారు. దుంపలు వద్దనుకున్నారు. వేయించిన పాలకూర కూడా వెన్నలో చేస్తారని తెలిసి, నిమ్మరసం, ఆలివ్ నూనె వేసిన సలాడ్ తెప్పించుకున్నారు.

చివర్లో తీపి. పాన్నా కోత్తా మీగడతో చేసేది. కాంతుచ్చి బిస్కెట్లలో బాదం. నిమ్మకాయ సొర్బెత్తొలో పాలు ఉండవు గానీ, దాన్ని తీసే గరిటె పిస్తా ఐస్‌క్రీమ్ డబ్బాలో మునిగి వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు. జెలాతొ దుకాణాల్లోనూ ఇదే బాధ. అమ్మాయికి పండ్ల ముక్కలు, అక్కడ ‘మచెదోనియా’ అంటారు, చెప్పారు. పైన లిక్కర్ ఏమైనా పోస్తున్నారా అని అడిగి మరీ. అమరెత్తొ, ఫ్రాంజెలికొ లాంటి మద్యాలకు బాదం, హేజెల్‌నట్ రుచి ఉంటుంది, కొన్నిటి తయారీలో అవే వాడతారు.

భోజనానికి గంట పట్టింది. పాప తిన్నవి మూడే: పిజ్జా, సలాడ్, పండ్లు. పదకొండు వంటకాల పేర్లు చదివితే ఎనిమిది కొట్టేయాల్సి వచ్చింది. ఈ రెండు అలర్జీలూ కలిసినప్పుడు ఇటలీలో లెక్క దాదాపు ఇలాగే ఉంటుందని ముందే అనుకుని వెళితే బల్ల దగ్గర నిరాశ ఉండదు.

మనవాళ్ల హోటలే కదా అనుకుంటే

మూడో రోజుకు పిల్లకు అన్నం మీద మనసు పోతుంది. రోమ్‌లోనో మిలాన్‌లోనో ఇండియన్ రెస్టారెంట్ కనిపించగానే ఊపిరి పీల్చుకుంటాం. మాట కలుస్తుంది, వంటలు తెలిసినవే. కానీ ఈ రెండు అలర్జీలకు ఇటాలియన్ హోటల్ కంటే అక్కడే ప్రమాదం ఎక్కువ. పనీర్ బటర్ మసాలా, కూర్మా, షాహీ కూరలన్నిటికీ మూలం ఒకే గ్రేవీ. అందులో జీడిపప్పు ముద్ద, క్రీమ్, వెన్న కలిసే ఉంటాయి. పొద్దున ఒక పెద్ద గిన్నెలో చేసి పెట్టుకున్న ఆ గ్రేవీలోంచే రోజంతా కూరలన్నీ పుడతాయి. నాన్ పిండిలో పెరుగు, పులావులో నెయ్యి. ‘జీడిపప్పు వేయకండి బాబూ’ అంటే పైన చల్లే పప్పులు మానేస్తారు, గ్రేవీలో రుబ్బింది అలాగే ఉంటుంది.

అక్కడ అడగాల్సింది వేరే. ‘ఈ కూర కామన్ గ్రేవీతో చేస్తారా, విడిగానా? తాలింపు నూనెతోనా, నెయ్యితోనా?’ విడిగా, నూనెతో చేసే పప్పు గానీ, నిమ్మకాయ పులిహోర గానీ దొరికితే సరే. పులిహోరలో జీడిపప్పు లేదని చూసుకోవాలి. ఇక్కడ కూడా కార్డు చూపించడమే మంచిది. వంటగదిలో ఉన్నది బంగ్లాదేశ్ వారో శ్రీలంక వారో కావచ్చు, వాళ్లకు మన మాట కంటే ఇటాలియన్ బాగా తెలిసి ఉండవచ్చు.

కార్డు కాపాడలేని చోట

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది. తిన్న కొద్ది నిమిషాల్లో, ఒక్కోసారి గంట రెండు గంటల్లో పెదాలు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, పదే పదే వాంతులు, దగ్గు, గొంతు మారిపోవడం, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తాయి. చర్మం మీద దద్దుర్లు లేకుండా కూడా తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. ఊపిరి ఇబ్బంది పడుతున్నా, మనిషి తూలిపోతున్నా వెంటనే ఇవ్వాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటి వైపు కండలోకి ఇవ్వాలి. దురద మాత్ర వేసి చూద్దాం అని ఆగకూడదు. సెట్రిజిన్ లాంటి మాత్ర దద్దుర్లను తగ్గిస్తుందేమో గానీ, ఊపిరితిత్తులు మూసుకుపోవడాన్ని, రక్తపోటు పడిపోవడాన్ని ఆపలేదు.

మోతాదు పిల్ల బరువును బట్టి మారుతుంది. ఎంతో, ఎలా ఇవ్వాలో ప్రయాణానికి ముందే అలర్జీ డాక్టర్ దగ్గర రాయించుకుని, చేతిలో పట్టుకుని నేర్చుకోవాలి. ఒక్కటి చాలకపోవచ్చు, రెండు మోతాదులు ఉంచుకోవాలి. అవి లగేజీలో కాదు, హ్యాండ్ బ్యాగ్‌లో ఉండాలి, డాక్టర్ ఇచ్చిన ఇంగ్లిష్ లేఖతో పాటు. ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు. హోటల్ గదిలో మరిచిపోయి భోజనానికి వెళితే, ఆ పూట పిల్ల బయట తినకూడదు, అంతే.

ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే 112కు ఫోన్ చేయించాలి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో అత్యవసర నంబర్ అదే, ఏ ఫోన్ నుంచైనా ఉచితం. పక్కవాళ్లతో అనాల్సిన మాట: ‘క్యమాతె ఇల్ చెంతొదోదిచి, ఎ ఉనో షోక్ అనఫిలాత్తికొ.’ అంటే, 112కు ఫోన్ చేయండి, ఇది అనఫిలాక్సిస్ అని. పాపను పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఊపిరి మరీ కష్టంగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. లేపి నడిపించకూడదు, బాత్‌రూమ్ దాకా కూడా. ఐదు నిమిషాలైనా తేడా కనిపించకపోతే డాక్టర్ చెప్పినట్టు రెండో మోతాదు ఇవ్వాలి. అంబులెన్స్ వచ్చేసరికి పిల్ల తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొందరిలో కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ తిరగబెడుతుంది, అప్పుడు పక్కన డాక్టర్ ఉండాలి.

వెళ్లేటప్పుడు బల్ల మీది కార్డు కూడా తీసుకోండి. పిల్లకు ఏది పడదో ఆసుపత్రిలో మొదట అడిగే నర్సుకు ఇటాలియన్‌లో చెప్పే కాగితం అదే.